గీత వణకాలి, బొమ్మ చెదరకూడదు

కెమెరాతో తీసిన వీడియోలోని ఫ్రేములను ఒక్కొక్కటిగా కింద పెట్టుకొని, వాటి మీద చేత్తో బొమ్మలు గీసి, ఆ బొమ్మలను వరుసగా ఆడించి యానిమేషన్ చేసే పద్ధతిని రోటోస్కోపింగ్ అంటారు. నడక, చూపు, చేతి విసురు అన్నీ నిజమైన మనిషివే. తెర మీద కనిపించేది మాత్రం చిత్రకారుడి గీత. ఒకే ముఖాన్ని ఒకే చెయ్యి రెండుసార్లు గీసినా రెండు గీతలూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. వెంట్రుకవాసి తేడా ఉంటుంది. బొమ్మలు వేగంగా మారుతున్నప్పుడు ఆ తేడా వల్ల గీత సన్నగా వణుకుతున్నట్టు కనిపిస్తుంది. యానిమేటర్లు దీన్ని లైన్ బాయిల్ అంటారు. పాలు పొంగే ముందు పైమీగడ కదిలినట్టు బొమ్మ అంతటా ఒక చిన్న చలనం ఆడుతూ ఉంటుంది. అది హద్దులో ఉంటే బొమ్మకు ప్రాణం వస్తుంది, హద్దు దాటితే చూసేవాడి కళ్లు పీకుతాయి.

ఈ పద్ధతికి నూరేళ్లు దాటాయి. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ 1915లో దీనికి పేటెంట్ కోరాడు, 1917లో అది మంజూరైంది. ఆయన ఏర్పాటు ఇది: ఫిల్ము రీలును ప్రొజెక్టరుతో గరుకు అద్దం మీదికి వెనక నుంచి ఒక్కో ఫ్రేముగా పంపి, అద్దం మీద కాగితం పెట్టి ఆ నీడను గీసుకోవడం. ఆయన తమ్ముడు డేవ్ జోకరు వేషం కట్టి కెమెరా ముందు గెంతాడు. ఆ గెంతుల మీద గీసిన బొమ్మే తర్వాత కోకో అనే జోకరుగా పేరు తెచ్చుకుంది. 2001లో రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన ‘వేకింగ్ లైఫ్’లో అద్దం స్థానంలోకి కంప్యూటర్ వచ్చింది. కీలకమైన ఫ్రేములను మనుషులు గీస్తే, మధ్య గీతల్లో కొన్నిటిని బాబ్ సాబిస్టన్ రాసిన రోటోషాప్ అనే సాఫ్ట్‌వేర్ పూరించింది. అలా లెక్కతో పూరించిన గీత ఒక చోటి నుంచి మరో చోటికి మెత్తగా జారుతుంది. మనిషి ప్రతిసారీ కొత్తగా గీసిన గీతలో ఉండే వణుకు అందులో ఉండదు. రెండూ వేర్వేరు అందాలు.

లైన్ బాయిల్ ఎంత అందంగా ఉండగలదో తెలియాలంటే 1985లో వచ్చిన నార్వే బృందం ‘ఆ-హా’ పాట ‘టేక్ ఆన్ మీ’ వీడియో చూడాలి. దర్శకుడు స్టీవ్ బ్యారన్. పెన్సిల్ బొమ్మలు మైకేల్ ప్యాటర్సన్, క్యాండేస్ రెకింజర్ దంపతులవి. దాదాపు 3,000 ఫ్రేములు గీయడానికి వాళ్లకు 16 వారాలు పట్టిందని చెబుతారు. పెన్సిల్ షేడింగు ఫ్రేము ఫ్రేముకూ ఉడుకుతూనే ఉంటుంది, అయినా గాయకుడి ముఖం ఒక్క క్షణం కూడా చేజారదు. కళ్లు, ముక్కు, దవడ మూల ఉన్నచోటే నిలుస్తాయి. వాటి చుట్టూ ఉన్న గీతలకే ఆట స్వేచ్ఛ. ఈ పనిలో నేర్చుకోవాల్సిన అసలు సంగతి ఇదే: ఏది కదలకూడదో ముందు తేల్చుకుంటే, మిగిలినదాన్ని నిశ్చింతగా వణకనివ్వవచ్చు.

దీన్ని ఒక చిన్న షాటు మీద చూడవచ్చు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి బయటికి చూస్తూ ఉంటుంది. ఎవరో పిలిచినట్టు తల తిప్పి, చిన్నగా నవ్వి అలాగే ఉండిపోతుంది. మొత్తం నాలుగు సెకన్లు.

పని బాగా రావడం సగం చిత్రీకరణలోనే ఉంది. ఫోనును స్టాండు మీద బిగించి, కెమెరా సెట్టింగుల్లో సెకనుకు 24 ఫ్రేములు ఎంచుకోవాలి. ఫోన్లు సాధారణంగా 30 ఫ్రేములతో తీస్తాయి. బొమ్మలు సెకనుకు 12 గీయాలనుకుంటే 24లో నుంచి ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సరిపోతుంది. 30 నుంచి 12 తీయాలంటే ఒకసారి రెండు ఫ్రేములు, మరోసారి మూడు ఫ్రేములు దాటాల్సి వస్తుంది. అప్పుడు తల తిరగడం కుంటుతున్నట్టు ఉంటుంది. ఆ కుంటును చూసి చాలామంది తమ గీతలో లోపమేమోనని వెతుకుతారు. 30 ఫ్రేముల వీడియోనే చేతిలో ఉంటే సెకనుకు 15 లేదా 10 బొమ్మలు పెట్టుకోవడం మేలు.

షట్టరు వేగం సెకనులో నూరోవంతు ఉంటే కదిలే చెయ్యి మసకబారడం తగ్గి అంచు స్పష్టంగా దొరుకుతుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ట్యూబులైటు వెలుగులో కూడా ఆ వేగానికి మిణుకులు పడవు. వెలుగు ఒక పక్క నుంచి వస్తే ముక్కు, దవడల రూపం తేలిగ్గా కనిపిస్తుంది. చిన్న చిన్న పూల చీరలు, సన్న చారల చొక్కాలు వద్దు. ఆ పువ్వులన్నీ 48 సార్లు గీయాలి, ఒక్కటీ కుదురుగా ఉండదు.

వీడియోను ఫ్రేములుగా విడగొట్టడానికి ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఒక్క వరుస ఆదేశం చాలు:

```
ffmpeg -i shot.mp4 -vf fps=12 frame_%04d.png
```

నాలుగు సెకన్లకు సుమారు 48 చిత్రాలు వస్తాయి. వాటిని క్రిటా, ఓపెన్‌టూన్జ్, బ్లెండర్ వంటి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కింది పొరగా పెట్టి, దాని వెలుగును మూడో వంతుకు తగ్గించి, పై పొరలో గీయవచ్చు. కింది ఫోటో మరీ స్పష్టంగా ఉంటే చెయ్యి ఫోటోకు బానిస అవుతుంది. కనిపించిన ప్రతి ముడతా గీయాలనిపిస్తుంది.

పెన్ను పట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది దాటేసేదీ అదే. షాటులోని మంచి ఫ్రేము ఒకటి తీసుకొని, ఆ అమ్మాయిని పూర్తిగా తమ శైలిలో గీసి, ఎన్ని గీతలు పడ్డాయో లెక్కపెట్టి రాసుకోవాలి. ముక్కుకు ఒక పక్క గీత, కింద ఒక చిన్న వంపు. పై రెప్పకు మందమైన గీత, కింది రెప్పకు ఏమీ లేదు. జడలోకి వెళ్లే జుట్టుకు ఏడు పాయలు. చున్నీ మడతలు మూడు. బుగ్గ మీద నీడ గీత లేదు. శైలి అంటే చాలావరకు ఈ ఎంపికే. కళ్లను అసలుకంటే కాస్త పెద్దవిగా గీయాలనుకుంటే, ఎంత పెద్దవో కూడా ఈ నమూనా బొమ్మలోనే తేలిపోవాలి, ప్రతి బొమ్మకూ అదే కొలత పాటించాలి.

ఈ జాబితా ఎందుకంటే, చెడ్డ బాయిల్‌కు మొదటి కారణం గీతల సంఖ్య మారిపోవడం. వీడియోలో వెలుగు పడే కోణం మారినప్పుడల్లా చున్నీ మీద ఒక మడత పుడుతుంది, మరొకటి పోతుంది. కనిపించినదల్లా గీస్తే ఐదో బొమ్మలో నాలుగు మడతలు, ఆరోదానిలో రెండు, ఏడోదానిలో ఐదు అవుతాయి. తెర మీద అవి టపటపా వెలిగి ఆరిపోతాయి. గీత తన చోట ఉండి వణికితే కన్ను దాన్ని ఒకే గీతగా ఒప్పుకుంటుంది. గీత పుట్టి చస్తుంటే కన్ను ప్రతిసారీ ఉలిక్కిపడుతుంది. అందుకే మూడు మడతలు అనుకుంటే చివరిదాకా ఆ మూడే ఉండాలి. తల తిరిగేటప్పుడు ఒక చెవి మరుగున పడుతుంది కాబట్టి కొన్ని గీతలు పోక తప్పదు. అలాంటి గీతను ఒక్కసారిగా తీసేయకుండా మూడు నాలుగు బొమ్మల్లో పొట్టిగా, సన్నగా చేస్తూ వెళ్లి వదిలేయాలి.

రెండో సంగతి వణుకు పరిమాణం. దీనికి గట్టి కొలత ఒకటి ఉంది: గీత ఎంత మందమో, వణుకు అంతకంటే తక్కువ ఉండాలి. 1920×1080 తెర మీద గీత మందం ఐదు పిక్సెళ్లు అనుకుంటే, పక్క బొమ్మలో అది రెండు మూడు పిక్సెళ్లు అటూ ఇటూ జరగవచ్చు. అప్పుడు కొత్త గీతలో కొంత భాగం పాత గీత మీదే పడుతుంది, కంటికి ఒకే గీత ఊగినట్టు అనిపిస్తుంది. వణుకు పది పిక్సెళ్లయితే రెండు గీతల మధ్య ఖాళీ మిగిలి, ఒక గీత మాయమై పక్కన మరొకటి మొలిచినట్టు కనిపిస్తుంది. సన్న గీతతో పనిచేసేవారికి హద్దు మరీ చిన్నది. కొత్తగా మొదలుపెట్టేవారు కాస్త మందమైన బ్రష్షు ఎంచుకుంటే చేతి పొరపాట్లు చాలావరకు దానిలోనే కలిసిపోతాయి. బ్రష్షు సైజు మధ్యలో మార్చకూడదు. ఒత్తిడికి మందం మారే బ్రష్షయితే, ప్రతి గీతనూ ప్రతిసారీ ఒకే చివర నుంచి మొదలుపెట్టాలి. దవడ గీత చెవి దగ్గర మొదలై గడ్డం దగ్గర సన్నబడితే ప్రతి బొమ్మలోనూ అలాగే సన్నబడాలి. ఒక బొమ్మలో పైనుంచి, మరోదానిలో కిందినుంచి లాగితే మందం చోటు మారి గీత మెలికలు తిరుగుతున్నట్టు ఉంటుంది.

ముఖంలో కొన్ని బిందువులకు ఆ రెండు మూడు పిక్సెళ్ల స్వేచ్ఛ కూడా ఇవ్వకూడదు. కనుపాప వాటిలో మొదటిది. చెంప గీత కొద్దిగా జరిగితే అది గీత వణుకే. కనుపాప అంతే జరిగితే మాత్రం అమ్మాయి చూపు మారినట్టు అవుతుంది. మనుషులు ఎదుటివారి చూపును అంత నిశితంగా చదువుతారు. తర్వాత పెదవుల మూలలు, ముక్కుపుటాలు, గడ్డం కొన, కంటి రెండు కొసలు. పెదవి మూల ఒక్క పిక్సెల్ పైకీ కిందికీ ఆడితే నవ్వు వస్తూ పోతూ ఉన్నట్టు అనిపిస్తుంది. మన షాటులో నవ్వే ముఖ్యం కాబట్టి అది కథనే చెడగొడుతుంది. అనుభవమున్నవారు ఈ బిందువులను వేరే పొరలో చిన్న చుక్కలుగా ముందే గుర్తించి, అన్ని ఫ్రేములకూ ఆ చుక్కలు సాఫీగా కదులుతున్నాయని చూసుకొని, ఆ తర్వాతే గీతలు వేస్తారు. చుక్క దగ్గర గీత కచ్చితంగా తగలాలి, రెండు చుక్కల మధ్య వంపు ఎలా ఊగినా ఇబ్బంది లేదు.

ఇక గీసే వరుస. ఒకటో బొమ్మ చూసి రెండోది, రెండోది చూసి మూడోది అంటూ వెళ్తే ప్రతి బొమ్మలోని చిన్న తప్పూ తర్వాతిదానికి అంటుకుంటుంది. నలభయ్యో బొమ్మకు చేరేసరికి ముక్కు పొడవై, నుదురు కుదించుకుపోయి వేరే అమ్మాయి తయారవుతుంది. పక్కపక్క బొమ్మల్ని చూస్తే ఈ జారుడు దొరకదు. మొదటిదాన్నీ చివరిదాన్నీ మార్చి మార్చి చూస్తే వెంటనే బయటపడుతుంది. దీనికి విరుగుడు దూరం దూరంగా గీయడం: ముందు 1, 19, 30, 36, 48 బొమ్మలు పూర్తిచేసి, వాటిని నమూనాతో సరిచూసి, తర్వాత వాటి మధ్యవి, ఆపైన మిగిలినవి. ముందు వెనకల బొమ్మలను లీలగా చూపించే ఆనియన్ స్కిన్ అనే సదుపాయం అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. చుక్కలు సరిపోయాయో లేదో చూడటానికి దాన్ని వాడాలి. గీత లాగేటప్పుడు మాత్రం దాన్ని ఆపి, కింది ఫోటోనే చూడాలి. ఆ తాజాదనమే సహజమైన బాయిల్‌ను ఇస్తుంది. ఇద్దరు కలిసి పనిచేస్తే ఫ్రేములు పంచుకోవడం కంటే ఒకరు ముఖం, మరొకరు జుట్టూ బట్టలూ తీసుకోవడం మంచిది. షాటు మధ్యలో చెయ్యి మారితే గీత స్వభావం మారినట్టు ఎవరికైనా తెలిసిపోతుంది.

కదలిక లేని చోట ఏం చేయాలన్నది అన్నిటికంటే చిక్కు ప్రశ్న. మన అమ్మాయి మొదటి సెకనున్నర కదలకుండా కూర్చుంటుంది. అక్కడ ఒకే బొమ్మను ఆపి ఉంచితే, తల తిప్పడం మొదలైన క్షణాన వణుకు హఠాత్తుగా పుడుతుంది. అంతవరకు ఫోటో అనుకున్నది ఉన్నట్టుండి బొమ్మ అయిపోతుంది. 18 ఫ్రేములనూ గీస్తే శ్రమ ఎక్కువ, పైగా అసలు మనిషి తెలియకుండా చేసే సూక్ష్మమైన ఊగిసలాట అంతా గీతలోకి వచ్చి బొమ్మ నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. అందుకని అలాంటి చోట ఒకే ఫోటో ఫ్రేము మీద నాలుగు బొమ్మలు విడివిడిగా గీస్తారు. నాలుగూ ఫోటో మీద నుంచే గీయాలి, ఒకదాని మీద ఒకటి కాదు.

ఈ నాలుగింటినీ 1, 2, 3, 4 అని అదే వరుసలో తిప్పితే, సెకనుకు 12 లెక్కన, సెకనులో మూడో వంతుకోసారి అదే వణుకు తిరిగి వస్తుంది. కన్ను ఆ తాళాన్ని పట్టేస్తుంది, ఇక దాన్నే చూస్తుంటుంది. 1-3-2-4-2-1-4-3 అని కలిపి, పక్కపక్కన ఒకే బొమ్మ రాకుండా పేరిస్తే తాళం తెలియదు. రెండే బొమ్మలతో నెట్టుకురావాలని చూస్తే గీత అటూ ఇటూ టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది. కనీసం మూడు కావాలి, నాలుగైదు ఉంటే హాయి. 1990ల్లో అమెరికా టీవీలో వచ్చిన ‘డాక్టర్ కాట్జ్’ కార్టూన్ సిరీసు మొత్తం ఇలా కొద్దిపాటి బొమ్మల్ని తిప్పుతూ నడిచింది. అందులో గీత వణుకు ఎక్కువే. హాస్యానికి అది సరిపోయింది, మన కిటికీ అమ్మాయికి సరిపోదు.

తిప్పుడు బొమ్మలతో ఒక నష్టం ఉంది. ఊపిరి తీసుకునేటప్పుడు భుజాలు లేచే కదలిక, రెప్పపాటు రెండూ పోతాయి. భుజాల గీతను వేరే పొరలో పెట్టి ఫోటో ప్రకారం గీస్తే ఊపిరి నిలుస్తుంది. రెప్పపాటుకు రెండు మూడు బొమ్మలు విడిగా గీసి మధ్యలో చొప్పించవచ్చు.

ఇప్పుడు షాటు లెక్క చూద్దాం. మొదటి సెకనున్నర నిశ్చలానికి 18 స్థానాలు, నాలుగు బొమ్మలు. తల తిరగడానికి ఒక సెకను, 12 బొమ్మలు. నవ్వు విచ్చుకోవడానికి అర సెకను, ఆరు బొమ్మలు. ఆఖరి సెకను మళ్లీ నిశ్చలం, 12 స్థానాలు, నాలుగు బొమ్మలు. మొత్తం 48 స్థానాలకు 26 బొమ్మలు. బొమ్మ మారే వేగం షాటు పొడుగునా ఒక్కటే, ప్రతి బొమ్మా రెండు ఫ్రేముల సేపు ఉంటుంది. ఈ వేగం కూడా ఇష్టాన్ని బట్టి ఎంచుకునేదే. సెకనుకు 24 బొమ్మలు మారితే వణుకు మరీ వేగమై తెర మినుకుమన్నట్టు ఉంటుంది. 12 దగ్గర గీత సజీవంగా ఉంటుంది. ఎనిమిది దగ్గర మెల్లగా ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది, విషాదానికీ జ్ఞాపకానికీ అది బాగా నప్పుతుంది. కానీ తల తిరగడం లాంటి కదలిక ఎనిమిదితో కుదుపుగా వస్తుంది.

రంగులు, షేడింగు గీతతో పాటు ఉడకకపోతేనే మేలు. చర్మానికీ బట్టలకూ వేసిన రంగు గీత కింద కొద్దిగా లోపలికి చొచ్చుకుపోయేలా నింపితే, గీత జరిగినప్పుడు అంచున తెల్లని సందు మెరవదు. పెన్సిల్ గీతలతో నీడ వేయాలనుకునేవారు ‘టేక్ ఆన్ మీ’ని మళ్లీ చూడాలి. షేడింగులో గీతలు వందల్లో ఉంటాయి, వాటిని లెక్కపెట్టడం కుదరదు. అక్కడ నిలబెట్టాల్సినవి రెండు: గీతల వాలు, వాటి ఒత్తు. ఒక బొమ్మలో కుడికి వాలిన షేడింగు మరోదానిలో నిలువుగా మారితే చెంప మీద మచ్చ పాకినట్టు ఉంటుంది.

సాఫ్ట్‌వేరే వణుకును పుట్టించే దారి కూడా ఉంది. బ్లెండర్‌లోని గ్రీజు పెన్సిల్‌కు Noise అనే మాడిఫయర్ తగిలిస్తే ఆగి ఉన్న గీత వణుకుతుంది. అందులో Step విలువను 2గా పెడితే వణుకు రెండు ఫ్రేములకోసారి మారుతుంది. వెనక ఉన్న కిటికీ చట్రం, గోడ వంటివాటికి ఇది చాలు. ముఖానికి మాత్రం చేతి గీతే బాగుంటుంది, ఎందుకంటే ఆ మాడిఫయర్‌కు కనుపాప ఏదో, చెంప ఏదో తెలియదు. వెనక గోడ వణుకు ముఖం వణుకులో సగం ఉంటే కన్ను మనిషి మీదే నిలుస్తుంది.

బాయిల్ సరిగ్గా ఉందో లేదో ఒక్కో ఫ్రేమును పెద్దది చేసి చూస్తే తేలదు. మూడు పరీక్షలు పనికొస్తాయి. నిశ్చలంగా ఉన్న నాలుగు బొమ్మలనూ ఒకదాని మీద ఒకటి పరిస్తే మంచి గీత కాస్త లావైన మెత్తని పట్టీలా కనిపిస్తుంది. చెడ్డది విడివిడి పోగులుగా విచ్చుకుంటుంది, ఏ గీత దిద్దాలో అక్కడే తెలుస్తుంది. రెండోది, షాటును ఫోను తెరంత చిన్నది చేసి, అసలు వేగంతో పదిసార్లు వరుసగా ఆడించడం. కన్ను ప్రతిసారీ ఎక్కడికి లాగబడుతుందో చూసుకోవాలి. అది కళ్ల మీదికో నవ్వు మీదికో పోతే షాటు బాగుంది, చెవి మీదికో చున్నీ మడత మీదికో పోతే అక్కడ గీత తప్పుతోంది. మూడోది, వీడియోను ఎక్కడ చూపించాలో అక్కడి కుదింపుతోనే ఒకసారి ఎగుమతి చేసి చూడటం. వాట్సాప్‌లో పంపినా, సోషల్ మీడియాలో పెట్టినా ఫైలు కుదించుకుపోతుంది. ప్రతి బొమ్మలోనూ మారే సన్న గీతలు ఆ కుదింపులో ముందు దెబ్బతిని, అంచుల చుట్టూ బూజులాంటి మసక పడుతుంది. గీతను ఒకటి రెండు పిక్సెళ్లు మందం చేయడం, షేడింగు తగ్గించడం తప్ప దానికి పెద్ద మందు లేదు.

ఒక్కో బొమ్మకు 20 నిమిషాలు వేసుకుంటే 26 బొమ్మలకు తొమ్మిది గంటలకు కాస్త తక్కువ పడుతుంది. చుక్కలు, రంగులు, దిద్దుబాట్లు దీనికి అదనం. ఈ పని మొదలుపెట్టాలనుకునేవారు మూడు నిమిషాల పాటను నెత్తికెత్తుకోకుండా, ఇలాంటి నాలుగు సెకన్ల షాటు ఒకటి ఎంచుకొని, నమూనా బొమ్మ దగ్గర నుంచి ఆఖరి పరీక్ష దాకా పూర్తిచేసి చూడాలి.